307లో నల్లులు: ఫిర్యాదు అందినప్పటి నుంచి గది మళ్లీ ఇచ్చేదాకా

తిరుపతిలో, బస్టాండుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న 54 గదుల హోటల్. ఐదు అంతస్తులు. అన్ని గదుల్లోనూ నేలకు ఆనించిన ప్లైవుడ్ పెట్టె మంచాలు, గోడకు స్క్రూలతో బిగించిన రెగ్జిన్ హెడ్‌బోర్డులు. కింది అంతస్తులో మా సొంత వాషింగ్ మెషీన్, డ్రయ్యర్ ఉన్నాయి. హౌస్‌కీపింగ్ వాళ్లం, లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ టెక్నీషియన్ కలిసి రాసిన డైరీ ఇది.

మొదటి రాత్రి, 11:40. ఫిర్యాదు

307లో దిగిన కుటుంబం నలుగురు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. మర్నాడు ఉదయం 10 గంటలకు 300 రూపాయల దర్శనం టికెట్టు. పిల్లాడి మోచేతి దగ్గర వరుసగా మూడు దద్దుర్లు. దిండు కింద దొరికిన పురుగును తండ్రి టిష్యూ కాగితంలో చుట్టి రిసెప్షన్‌కు తెచ్చారు.

దద్దుర్లు చూసి నల్లి అని చెప్పే వీలు లేదు. దోమ కుట్టినా అలాగే ఉండొచ్చు. కొందరికి నల్లి కుట్టిన చాలా రోజులకు గానీ దద్దురు లేవదు, ఇంకొందరికి అసలు లేవదు. అందుకే రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు దద్దుర్ల గురించి ఔననీ కాదనీ అనకూడదు. డాక్టరును పిలిపించమంటారా అని మాత్రం అడగాలి. పురుగు సంగతి వేరు, అది సాక్ష్యం. దాన్ని తెల్లకాగితం మీద పెట్టి పైన పారదర్శకమైన టేపు అంటించి, పక్కన గది నంబరు, సమయం, దొరికిన చోటు రాశాం. పొడవు 5 మిల్లీమీటర్లు. బల్లపరుపుగా, గోధుమరంగులో, రెక్కల్లేకుండా ఉంది. పెద్ద నల్లే.

రిసెప్షన్‌లో ఉన్నాయన చెప్పిన మాటలివి: "సార్, ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి. ఇది నల్లే. మీకు వేరే గది ఇస్తాం. మీ బట్టలు వేడి డ్రయ్యర్‌లో వేసి మూడు గంటల్లో మీకే తెచ్చిస్తాం. రేపటి దర్శనానికి కట్టుకునే బట్టలు ముందు తెస్తాం. దేనికీ డబ్బు కట్టక్కర్లేదు." ఈ హామీల్లో తర్వాత నిలబెట్టుకోలేనిది ఒక్కటీ లేదు. "మా హోటల్లో నల్లులుండవండీ, మీ సామాన్లలో వచ్చుంటాయి" అనే మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. నల్లి ఎక్కణ్నుంచి వచ్చిందో గది విప్పి చూస్తే గానీ తెలియదు.

11:55. గదిని కట్టడి చేయడం

ఫిర్యాదు రాగానే మంచం మీద దుప్పట్లన్నీ లాగేసి, మూటకట్టి, ట్రాలీలో పడేసి కారిడార్ వెంట లాక్కెళ్లడం దాదాపు ప్రతి హోటల్లోనూ చేతులు అలవాటుగా చేసే పని. నల్లి పక్క గదులకు చేరే సులువైన దారి కూడా అదే. నల్లి ఎగరదు, దూకదు. పాకుతుంది, లేదా గుడ్డలో దాక్కుని మనతో వస్తుంది. కాబట్టి ఆ రాత్రి నియమం ఒక్కటే: సంచిలో పెట్టి మూతి బిగించకుండా ఏ వస్తువూ గడప దాటకూడదు.

కంప్యూటర్‌లో 307ను అవుట్ ఆఫ్ ఆర్డర్‌లో పెట్టాం. డర్టీలో పెడితే చాలదు, ఉదయం షిఫ్టు వాళ్లు శుభ్రం చేసి అమ్మేస్తారు. కీ కార్డులు రద్దు చేసి, మాస్టర్ కీ సూపర్‌వైజర్ ఒక్కరి దగ్గరే ఉంచాం. ట్రాలీని లిఫ్టు దగ్గరే ఆపాం. మందు చల్లలేదు. ఇళ్లలో వాడే స్ప్రే కొట్టినా, పొగ డబ్బా వెలిగించినా చచ్చేవి తక్కువ, చెదిరిపోయేవి ఎక్కువ. చెదిరినవి స్విచ్ బోర్డు వెనక పైపుల గుండా పక్క గదిలోకి పోతాయి. పైగా ఎక్కడెక్కడ ఉన్నాయో చూసే అవకాశం పోతుంది.

12:10. కుటుంబాన్ని వేరే గదికి మార్చడం

పక్కన ఉన్న 308 ఖాళీయే, కానీ ఇవ్వలేదు. 307కు ఎడమా కుడీ, పైనా కిందా, ఎదురుగా ఉన్న ఐదు గదులూ అనుమానం కిందకే వస్తాయి. ఐదో అంతస్తులో, వేరే వరుసలో ఉన్న 512 ఇచ్చాం. ఇచ్చేముందు టార్చితో ఆ గది పరుపు అంచులు కూడా చూశాం.

అసలు చిక్కు మనుషులతో కాదు, సామాన్లతో. నల్లి మనిషి ఒంటి మీద కాపురం ఉండదు, కుట్టి వెళ్లిపోతుంది. ఉండేది బట్టల మడతల్లో, సూట్‌కేసు కుట్టు వెంట, జిప్పు అంచున. సామాను ఉన్నదున్నట్టు పైకి పంపితే తెల్లారేసరికి 512 కూడా మూసే పరిస్థితి వస్తుంది. అందుకని పని ఈ వరుసలో జరిగింది.

కొత్త లుంగీలు, నైటీ, పిల్లలకు టీషర్టులు, తువ్వాళ్లు 307 తలుపు దగ్గర అందించాం. వాళ్లు అదే గది బాత్‌రూమ్‌లో స్నానం చేసి కొత్తవి కట్టుకున్నారు. టైల్స్ గచ్చు, మంచానికి దూరం కాబట్టి ఆ చోటు మేలు. వెంట తీసుకెళ్లినవి ఫోన్లు, పర్సు, కళ్లజోడు, దర్శనం టికెట్టు, ఆధార్ కార్డులు, మందులు. అన్నీ తుడిచి జిప్పున్న పారదర్శకమైన సంచిలో వేసిచ్చాం. చెప్పుల అడుగులు, పట్టీలు సబ్బునీళ్ల గుడ్డతో తుడిచాం. మిగిలినవన్నీ వాళ్ల కళ్ల ముందే పెద్ద సంచుల్లో కట్టి, నంబర్లు రాసి, జాబితా ఒక ప్రతి వాళ్లకిచ్చాం. ఆ జాబితా లేకపోతే తర్వాత చిన్న తువ్వాలు కనబడకపోయినా గొడవే.

డ్రయ్యర్‌లో ముందుగా దర్శనం బట్టలు పడ్డాయి: నూలు పంచె, ఉత్తరీయం, పిల్లల చుడీదార్, పైజమా. కొండ మీద సంప్రదాయ దుస్తులు ఉండాల్సిందే కాబట్టి అవి ఆలస్యమైతే దర్శనమే ఆలస్యమవుతుంది. పొడి బట్టలను ముందు తడపకుండా నేరుగా డ్రయ్యర్‌లో వేయడమే మంచిది. ఎక్కువ వేడి మీద 30 నిమిషాలు చాలు. తడిపితే ఆరేదాకా వేడి ఎక్కదు. డ్రమ్ము సగానికి మించి నింపకూడదు, కుక్కితే మధ్యలో ఉన్న బట్టకు వేడి చేరదు. 50 డిగ్రీలు దాటితే నల్లి వెంటనే చస్తుంది, గుడ్డు మొండిది. 48 డిగ్రీల దగ్గర దానికి గంటకు పైగా పడుతుంది. అందుకే అంచనాతో సరిపెట్టకుండా డ్రయ్యర్ లోపలి వేడి 60 దాటుతోందని థర్మామీటరుతో చూసుకున్నాం.

డ్రయ్యర్‌లో వేయలేనిది పట్టుచీర. వేడికి పట్టు ముడుచుకుంటుంది, జరీ పాడవుతుంది. ఉన్న రెండు చీరలనూ తెల్లదుప్పటి పరిచిన బల్ల మీద మడత విప్పి, కుచ్చిళ్లు, ఫాల్ కుట్టు, అంచు వెంట టార్చితో చూశాం. ఏమీ కనబడలేదు. విడి సంచుల్లో బిగించి, ఇంటికెళ్లాక డ్రైక్లీనింగ్‌కు ఇవ్వమని, లేదా సంచి విప్పకుండా డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఉంచమని కాగితం మీద రాసిచ్చాం. మామూలు ఫ్రిజ్ పైఅర అంత చల్లబడుతుందన్న నమ్మకం లేదు, అది కూడా రాశాం.

సూట్‌కేసులు ఖాళీ చేసి, కుట్ల వెంట, చక్రాల గూళ్లలో వాక్యూమ్ చేసి, ఆవిరి పట్టి, ఆరాక కొత్త సంచిలో కట్టాం. ఇంట్లో మంచం మీద పెట్టి విప్పొద్దనీ, బయటే విప్పి బట్టలు వేడినీళ్లలో ఉతకమనీ అదే కాగితంలో ఉంది. ఇంటికెళ్లాక నల్లి కనబడితే ఫోన్ చేయమని నంబరూ ఇచ్చాం. ఒంటిగంటన్నరకు దర్శనం బట్టలు, రెండున్నరకు మిగతావి పైకి చేరాయి.

రెండో రోజు ఉదయం. ఎక్కడున్నాయో వెతకడం

టెక్నీషియన్ వచ్చేదాకా 307లో ఎవరూ అడుగుపెట్టలేదు. చేతిలో గట్టి వెలుగున్న టార్చి, పాత ఏటీఎం కార్డు, భూతద్దం, స్క్రూడ్రైవర్, తడిగుడ్డ. కార్డు అంచును పరుపు కుట్టు కిందుగా జరిపితే దాక్కున్నవి బయటికొస్తాయి. నల్లి వదిలిన మచ్చ ఇంకు చుక్కలా నల్లగా ఉంటుంది. తడిగుడ్డతో రుద్దితే ఎరుపు కలిసిన గోధుమరంగులో పాకుతుంది. పాకకుండా రాలిపోతే అది మట్టో, బొద్దింక రెట్టో అయ్యే అవకాశం ఎక్కువ.

పరుపు మీద పెద్దగా ఏమీ లేదు. తలవైపు కుట్టులో రెండు మచ్చలు మాత్రమే. పైపైన చూసి పరుపు మార్చేసి ఊరుకునే హోటళ్లు ఇక్కడే దెబ్బతింటాయి. హెడ్‌బోర్డు ఆరు స్క్రూలు విప్పి గోడ నుంచి తీయగానే అసలు కాపురం కనబడింది. బోర్డు వెనక చెక్క పట్టీ వెంట జానెడు మేర మచ్చలు, విడిచిన పొట్టు, పెద్దవి, మూడు నాలుగు సైజుల పిల్లలు, స్క్రూ రంధ్రాల్లో మిల్లీమీటరు పొడవున్న తెల్లటి గుడ్లు.

సైజులు చూస్తే వయసు తెలుస్తుంది. నల్లి పిల్ల ఐదుసార్లు పొట్టు విడుస్తుంది, ప్రతిసారీ ముందు రక్తం తాగాలి. వెచ్చని గదిలో గుడ్డు నుంచి పెద్దదయ్యేదాకా నెలన్నర, రెండు నెలలు పడుతుంది. అన్ని సైజులూ, పొట్టూ ఉన్నాయంటే ఇవి కొన్ని వారాలుగా ఇక్కడే ఉన్నాయి. నిన్న సాయంత్రం దిగిన కుటుంబం తెచ్చినవి కానే కావు. ఈ మాట రిజిస్టరులో రాసి మేనేజరుకు చెప్పాం, ఎందుకంటే గది అద్దె తిరిగివ్వాలా వద్దా అన్న ప్రశ్న అక్కడితో తేలిపోతుంది. ఇచ్చేశారు.

రాత్రి దొరికిన నల్లిని భూతద్దంలో చూసి, మన ప్రాంతంలో ఎక్కువగా కనబడే ఉష్ణమండల జాతి అని టెక్నీషియన్ చెప్పారు. ఈ వివరానికి తర్వాత పని పడింది.

ఇక చుట్టుపక్కల ఐదు గదులు. 306, 207, 407, ఎదుటి 312ల్లో ఏమీ లేదు. 308లో, 307తో కలిసిన గోడవైపు స్విచ్ బోర్డు పలక వెనక మచ్చలు, ఒక పెద్ద నల్లి. రెండు గదుల స్విచ్ బోర్డులూ ఒకే గోడకు అటూ ఇటూ, ఒకే పైపు మీద ఉన్నాయి. ఎంసీబీ ఆపాకే పలకలు విప్పాం. 308ని కూడా మూసేశాం.

306లో మనుషులున్నారు, అప్పుడే కొండ దిగి వచ్చారు. కరెంటు పని అని అబద్ధం చెప్పి గదిలోకి వెళ్లడం తేలికే, కానీ ఒక్క రూమ్ బాయ్ నోరు జారినా మిగతావన్నీ అబద్ధాలే అనుకుంటారు. "పక్క గదిలో నల్లులు కనబడ్డాయి, మీ గదిలో లేవని చూసుకోవడానికి పది నిమిషాలు కావాలి" అని అడిగాం. వాళ్లే మంచం జరిపి చూపించారు. లడ్డూ కవర్లు ముందు పక్కకు తీయించి చూశాం. ఆ గదిలో ఏ మందూ వాడలేదు.

రెండో రోజు మధ్యాహ్నం. 307, 308లో చికిత్స

ముందు కుదరదన్నవి రెండు చెబుతాం, ఎందుకంటే రెండూ ఎవరో ఒకరు సలహాగా ఇచ్చారు. ఒకటి, ధాన్యం గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు గోడ పగుళ్ల గుండా, పైపుల గుండా పక్క గదికి పోతుంది. మన దేశంలో ఇలా పక్క గదుల్లో నిద్రపోతున్నవాళ్ల ప్రాణాలు పోయాయి. హోటల్ గదిలో దాని మాటే ఎత్తకూడదు. రెండు, పాత స్టాకులో మిగిలిన డైక్లోర్వాస్ అనే పురుగుమందు. అది 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో నిషేధం.

పరుపుల్ని డాబా మీద ఎండలో పడేద్దామన్నారు. నులక మంచాన్ని ఎండలో వేసి మరిగే నీళ్లు పోస్తే నల్లులు రాలడం మనందరికీ తెలుసు, అక్కడ పనిచేసేది నీళ్ల వేడి. ఆరంగుళాల పరుపుకు తిరుపతి ఎండ పైపొరను కాలుస్తుందే తప్ప లోపలిదాకా వెళ్లదు. నల్లి నీడవైపుకు జరుగుతుంది. పైగా పరుపును డాబాకు మోసే దారంతా రాలుస్తూ పోతాం.

దుప్పట్లు, గలీబులు, కర్టెన్లు గదిలోనే నీళ్లలో కరిగే సంచుల్లో కట్టి, సంచితో సహా మెషీన్‌లో వేసి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికించి, డ్రయ్యర్‌లో ఆరబెట్టాం. బయటి లాండ్రీకి పంపలేదు. వాళ్ల వ్యానులో నాలుగు హోటళ్ల మూటలు కలిసి తిరుగుతాయి.

తర్వాత వాక్యూమ్. సన్న మూతి గొట్టం లోపల పాత మేజోడు దూర్చి అంచు బయటికి మడిచి రబ్బరు బ్యాండు వేస్తే నల్లులన్నీ మేజోడులోనే ఆగుతాయి, తీసి ముడివేసి సంచిలో బిగించి పారేయొచ్చు. మెషీను లోపలికి పోవు. గుడ్లు జిగురుతో అంటుకుని ఉంటాయి కాబట్టి వాక్యూమ్‌కు అన్నీ రావు. వాటి కోసమే ఆవిరి.

ఆవిరి యంత్రానికి వెడల్పు మూతి పెట్టాలి. సన్న మూతి పెడితే గాలి తోపుకు నల్లులు ఎగిరి పక్కకు పడతాయి. మూతిని అడుగు దూరానికి పది, పదిహేను సెకన్ల చొప్పున నెమ్మదిగా జరపాలి. జరిపిన వెంటనే ఆ చోట 70 నుంచి 80 డిగ్రీలు ఉండాలి. దూరం నుంచి వేడి చూసే థర్మామీటరుతో అడుగడుగునా చూశాం. మెరిసే స్టీలు మీద అది తప్పు చూపిస్తుంది, అక్కడ నమ్మొద్దు. చేయి తొందరపడితే వేడి 50కి పడిపోతుంది, పని అయినట్టు కనబడుతుంది గానీ గుడ్లు బతుకుతాయి. పరుపు కుట్లు, పెట్టె మంచం మూలలు, హెడ్‌బోర్డు పట్టీ, స్కర్టింగ్ పైఅంచు, లగేజీ ర్యాక్ పట్టీలు, కర్టెన్ పెల్మెట్: రెండు గదులకూ కలిపి ఇద్దరికి సాయంత్రమైంది. స్విచ్ బోర్డుల దగ్గర ఆవిరి పట్టకూడదు. అక్కడ కరెంటు ఆపి, సిలికా పొడిని చిన్న బల్బు పంపుతో పలుచగా ఊదాం. కుప్పగా పోస్తే నల్లి దాన్ని తప్పించుకుని పోతుంది.

అంతా ఆరాకే మందు. ముందే కొడితే ఆవిరి దాన్ని కడిగేస్తుంది. నల్లుల్లో పైరెత్రాయిడ్ మందులకు లొంగని రకాలు ఎక్కువయ్యాయి, కాబట్టి ఒక్క పైరెత్రాయిడే కొట్టి నమ్మకంగా ఉండలేం. టెక్నీషియన్ నియోనికోటినాయిడ్ అనే వేరే రకం పురుగుమందు కలిసిన మందు వాడారు, లేబుల్ మీద ఉన్న మోతాదుకు చుక్క ఎక్కువ లేకుండా, పగుళ్లలో, హెడ్‌బోర్డు వెనక, మంచం అడుగున మాత్రమే. పరుపు మీద, దిండ్ల మీద కొట్టలేదు. పరుపులకు సన్న పళ్ల జిప్పున్న తొడుగులు వేసి జిప్పు చివర టైతో బిగించాం. లోపల ఏదైనా మిగిలితే అక్కడే ఆకలికి చావాలి. తొడుగు ఏడాదిపాటు తీయకూడదు, చిరిగితే పనికిరాదు.

మూడో రోజు. సిబ్బందితో మాట్లాడటం

రెండు గదులు మూస్తే ఊహలు మొదలవుతాయి. మూడు షిఫ్టుల్లోనూ షిఫ్టు మొదట్లో పది నిమిషాలు, తెలుగులోనూ తమిళంలోనూ హిందీలోనూ ఒకే విషయం చెప్పాం: 307, 308లో నల్లులు కనబడ్డాయి. చికిత్స జరుగుతోంది. ఆ గదుల్లోకి సూపర్‌వైజర్ లేకుండా ఎవరూ వెళ్లొద్దు. గెస్ట్ అడిగితే సూపర్‌వైజర్‌ను పిలవాలి, ఫోటోలు గ్రూపుల్లో పెట్టొద్దు. వాకీటాకీలో పురుగు పేరు అనకుండా "మూడో నంబరు పని" అనాలి, ఎందుకంటే లిఫ్టులో గెస్ట్‌లు కూడా వింటారు.

307 శుభ్రం చేసే అక్కను మందలించాలని ఒక మాట వచ్చింది. వద్దన్నాం, మేనేజరు ఒప్పుకున్నారు. స్క్రూలు బిగించిన హెడ్‌బోర్డు వెనక ఏముందో ఆమెకు కనబడే దారే లేదు. జరిమానా వేస్తే జరిగేది ఒకటే: ఇకపై మచ్చ చూసినవాళ్లు గుడ్డతో తుడిచేసి ఊరుకుంటారు, మనకు తెలిసేసరికి నాలుగు గదులవుతాయి. దానికి బదులు మచ్చ చూసి చెప్పినవాళ్లకు ఆ రోజే 200 రూపాయలు ఇస్తామన్నాం. చూసింది నల్లి కాకపోయినా ఇస్తాం.

టేపు కింద అంటించిన నల్లి, పిల్ల, పొట్టు, గుడ్లున్న కార్డు చేతులు మారి అందరూ చూశారు. అప్పుడు లాండ్రీ కుర్రాడు ఒకడు "ఇవి మా గదిలో కూడా ఉన్నాయన్నా" అన్నాడు. సెల్లార్‌లో సిబ్బంది పడుకునే గది గురించి ఆ మాట. అదే రోజు చూశాం. చాపల మడతల్లో, ఇనుప మంచాల గొట్టాల చివర్లలో ఉన్నాయి. గెస్ట్ గదులు రెండు మూసి ఈ గదిని వదిలేస్తే పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తిరుగుతూనే ఉంటాయి. అదే పద్ధతిలో అక్కడా ఆవిరి, మందు, బట్టలన్నీ డ్రయ్యర్‌లో. గొట్టాల చివరలకు ప్లాస్టిక్ మూతలు కొట్టించాం. గదుల్లో పాతబడిన దిండ్లు, దుప్పట్లు సిబ్బంది గదికి ఇవ్వడం ఆపేశాం. వాళ్ల ఇళ్లలో కూడా ఉంటే చెప్పమని, టెక్నీషియన్ ఖర్చు హోటల్ పెట్టుకుంటుందని చెప్పాం. ఆరుగురు చెప్పారు.

పదిహేనో రోజు. రెండో విడత

మందుకు గుడ్డు చావదు, వెచ్చని గదిలో వారం పది రోజుల్లో పొదుగుతుంది. అందుకే రెండో విడత 10 నుంచి 14 రోజుల మధ్య ఉండాలి. వారానికే చేస్తే కొన్ని గుడ్లు ఇంకా పొదగవు. నెలకు చేస్తే కొత్తవి పెరిగి గుడ్లు పెట్టే దశకు దగ్గరవుతాయి. 13 రోజులకు విప్పాం.

308 శుభ్రంగా ఉంది. 307లో హెడ్‌బోర్డు పట్టీ స్క్రూ రంధ్రాల దగ్గర రెండు పిల్ల నల్లులు దొరికాయి, రక్తం తాగని లేతరంగువి. కారణం స్పష్టమే. ప్లైవుడ్ పొరల మధ్య రంధ్రం లోతుగా ఉంది, ఆవిరి వేడి సెంటీమీటరు దాటి లోపలికి పోవడం కష్టం. ఆ పట్టీనే తీసేసి, సంచిలో కట్టి, బయట పగలగొట్టి పారేశాం. ఇలాంటి చెక్కను పగలగొట్టకుండా రోడ్డు పక్కన పెడితే ఎవరో ఇంటికి పట్టుకుపోతారు. రెండు గదులకూ ఆవిరి, మందు మళ్లీ పట్టాం.

గోడ మీద రంధ్రాలన్నీ పుట్టీతో మూసి, స్విచ్ బోర్డుల మధ్య పైపు చుట్టూ సిలికాన్ సీలెంట్ నింపాం. హెడ్‌బోర్డును ఈసారి బిగించకుండా వేలాడదీశాం. 45 డిగ్రీల వాలుగా కోసిన రెండు చెక్క పట్టీలు, ఒకటి గోడకు, ఒకటి బోర్డుకు. పైకెత్తితే ఊడి వస్తుంది, ఇద్దరు మనుషులకు రెండు నిమిషాల పని. పెట్టె మంచానికి ఆరు అంగుళాల ఇనుప కాళ్లు వేయించాం.

కాళ్ల కింద పెట్టే ఉచ్చు గిన్నెల దగ్గర జాతి సంగతి అక్కరకొచ్చింది. ఆ గిన్నెలను నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేని చలిదేశాల నల్లి కోసం తయారుచేశారు. మన ఉష్ణమండల నల్లి కాళ్లకు నున్నటి గోడను పట్టుకునే మెత్తటి వెంట్రుకలు ఎక్కువ, పెద్దవి ఎక్కి బయటపడగలవు. కాబట్టి గిన్నెలో నల్లి పడితే ఉన్నట్టే. గిన్నె ఖాళీగా ఉంటే మాత్రం లేదని రాసుకోకూడదు, విప్పి చూడాల్సిందే. మనుషులు లేని గదిలో అవి బయటికి రావడమూ తక్కువే. అందుకని పంచదార, ఈస్ట్, గోరువెచ్చని నీళ్లు కలిపిన సీసాను రాత్రంతా గిన్నె పక్కన పెట్టాం. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను అవి మనిషి ఊపిరి అనుకుంటాయి.

గది ఎప్పుడు ఇవ్వాలి

శనివారం రద్దీకి 307, 308 తెరవమని ఫ్రంట్ ఆఫీస్ అడిగింది. గదికి 2,200 చొప్పున రెండు గదులు, పదిహేనో రోజు నుంచి 28 రాత్రులు నిండినా నష్టం 1,23,200 రూపాయలు. చిన్న మొత్తం కాదు. కానీ కడుపుతో ఉన్న ఒక్క ఆడనల్లి మిగిలితే చాలు, మొదటి రాత్రి పని మొత్తం మళ్లీ చేయాలి, ఇంకో కుటుంబం మధ్యరాత్రి నిద్రలేవాలి. తాళం వేసి వదిలేస్తే చస్తాయన్న ఆశా లేదు, తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు. చివరిసారి నల్లి కనబడిన రోజు నుంచి 14 రోజుల ఎడంతో వరుసగా రెండుసార్లు ఏమీ దొరక్కపోతేనే గది ఇవ్వాలన్నది మేం పెట్టుకున్న గీత. మేనేజరు దాని మీద సంతకం చేశారు.

29వ రోజు: రెండు గదులూ, చుట్టూ ఉన్న గదులూ, సిబ్బంది గదీ విప్పి చూశాం. కొత్త మచ్చ లేదు. పాత మచ్చలను మొదటి విడతలోనే తుడిచేశాం కాబట్టి కనబడేది ఏదైనా కొత్తదే అయ్యుండాలి. తుడవకుండా వదిలేస్తే ఈ రోజు ఏమీ తేల్చలేం.

43వ రోజు: ఏమీ లేదు. సాయంత్రం 307, 308 అమ్మకానికి తెరిచాం. 407తో మొదలుపెట్టి వారానికి నాలుగు గదుల చొప్పున వేలాడే హెడ్‌బోర్డులు మారుస్తున్నారు. మార్చిన గదుల్లో నెలకోసారి బోర్డు ఎత్తి చూసే పని హౌస్‌కీపింగ్ చార్టులో చేరింది. 307, 308లో మొదటి మూడు నెలలు వారానికోసారి.